1,260 పేపర్లు, ఎనిమిది మంది, ఆరు రోజులు: స్పాట్ క్యాంప్ ప్లాన్ చేయడం ఎలా

అటానమస్ డిగ్రీ కాలేజీలో పనిచేసేవాళ్లకు ఏదో ఒక సెమిస్టర్‌లో ఈ స్పాట్ పని, అంటే జవాబు పత్రాలను ఒకచోట కూర్చోబెట్టి దిద్దించే పని, తగులుతుంది. పరీక్షలు అయిపోతాయి, ప్రిన్సిపాల్ గారు పిలిచి "ఈసారి క్యాంప్ మీరు చూసుకోండి" అంటారు. ఇంటర్ బోర్డు స్పాట్‌లో అయితే రోజుకు 30 పేపర్లు, పొద్దున 15, మధ్యాహ్నం 15 అని పైనుంచే చెప్తారు. మన కాలేజీ క్యాంప్‌లో అలా చెప్పేవాళ్లు ఉండరు. రోజుకు ఎన్ని, విరామానికి ఎప్పుడు లేవాలి, ఎవరికి ఏ బండిల్ అన్నది మీరే తేల్చాలి. తేల్చకపోతే అవి వాటంతటవే తేలతాయి. గట్టిగా మాట్లాడే సార్‌కు పల్చటి బండిళ్లు, మొహమాటపడే మేడమ్‌కు లావుపాటివి వెళ్తాయి.

నేను హైదరాబాద్‌లో ఇలాంటి క్యాంపులు కొన్ని నడిపాను. అన్ని సబ్జెక్టుల గురించి చెప్పడం మొదలుపెడితే తెమలదు కాబట్టి ఒక్క బోర్డునే పట్టుకుని చెప్తాను. ఎకనామిక్స్, మొత్తం 1,260 పేపర్లు. అందులో ఇంగ్లిష్ మీడియం 900, తెలుగు మీడియం 360. పేపర్ 80 మార్కులకు. నాలుగేసి మార్కుల చిన్న ప్రశ్నలు ఐదు, పన్నెండేసి మార్కుల వ్యాసాలు ఐదు. పాస్ మార్కు 32. దిద్దడానికి ఎనిమిది మంది, పైన ఒక చీఫ్ ఎగ్జామినర్. మీ అంకెలు వేరేగా ఉంటాయి, లెక్క మాత్రం ఇదే దారిలో నడుస్తుంది.

ముందు ఒక పేపర్‌కు ఎంతసేపు పడుతుందో చూడండి

చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. మొత్తం పేపర్లను ఉన్న రోజులతో, మనుషులతో భాగించి, వచ్చిన అంకెనే టార్గెట్ అంటారు. "నాలుగు రోజుల్లో అయిపోవాలి, అంటే తలా నలభై" అని తేల్చేస్తారు. ఆ నలభైలో ఒక్కో పేపర్‌కు ఎన్ని నిమిషాలు దొరుకుతాయో ఎవరూ చూడరు.

క్యాంప్‌కు వారం ముందు చీఫ్ ఎగ్జామినర్‌నీ, మరో ఇద్దరు లెక్చరర్లనీ కూర్చోబెట్టండి. కోడింగ్ అయిన, అంటే విద్యార్థి నంబర్ కనపడకుండా కోడ్ నంబర్ వేసిన పేపర్లలోంచి ఆరు తీయండి. రెండు లావువి, రెండు మధ్యరకం, రెండు పల్చనివి. ముగ్గురూ ఆ ఆరింటినీ మామూలు వేగంతో దిద్దాలి. లోపల మార్కులు వేయడం, మొదటి పేజీలో ప్రశ్నలవారీగా ఎక్కించడం, కూడడం, అన్నీ కలిపి గడియారం చూసుకోవాలి. మా ఎకనామిక్స్ పేపర్‌కు సగటున ఎనిమిది నిమిషాల పైచిలుకు పట్టింది.

ఇప్పుడు రోజు సంగతి. పది నుంచి ఐదింటి దాకా ఏడు గంటలు అని కాగితం మీద రాసుకుంటాం. అందులోంచి భోజనం, రెండు టీలు, బండిల్ తీసుకోవడం, లెక్కపెట్టడం, మార్కులు ఎక్కించే అవార్డ్ లిస్ట్ రాయడం, తిరిగి అప్పగించడం తీసేస్తే నిజంగా దిద్దే సమయం 300 నిమిషాలకు మించదు. పూటకు 150. దాన్ని ఎనిమిది చిల్లర నిమిషాలతో భాగిస్తే 18 వస్తుంది. అంటే పూటకు 18, రోజుకు 36. నలభై పెడితే పేపర్‌కు ఏడున్నర నిమిషాలే, యాభై పెడితే ఆరే. ఆరు నిమిషాల్లో ఐదు వ్యాసాలు చదవడం ఎవరివల్లా కాదు. పేజీలు తిప్పడం అవుతుంది, అంతే.

ఈ 18 రాగానే బండిల్ సైజు కూడా తేలిపోయింది. బండిల్ అంటే ఒక పూట పని. ఇరవై ఐదో, నలభయ్యో పెట్టి కడితే భోజనానికి లేచేటప్పుడు సగం దిద్దిన కట్ట బల్ల మీద విప్పి ఉంటుంది. అక్కడే పేపర్లు కలిసిపోతాయి, మాయమవుతాయి. 1,260ని 18తో భాగిస్తే 70 బండిళ్లు. ఇంగ్లిష్ 50, తెలుగు 20.

ఇంకో మాట. టార్గెట్ అంటే కనీసం అనుకుంటారు. నా లెక్కలో అది గరిష్ఠం కూడా. మన క్యాంపుల్లో డబ్బులు పేపర్ లెక్కన ఇస్తారు కాబట్టి చేతివేగం ఉన్నవాళ్లు "ఇంకో బండిల్ ఇవ్వండి సార్" అని అడుగుతారు. రోజుకు మూడో బండిల్ ఎవరికీ లేదని మొదటి రోజే చెప్పేయండి. ఒకరికి ఇచ్చారా, మర్నాడు నలుగురు అడుగుతారు, మూడో రోజుకు గదిలో పోటీ మొదలవుతుంది.

రోజులు లెక్కవేయడం

సోమవారం పొద్దున ఎవరూ అసలు పేపర్లు దిద్దరు. ఆ పూట కీ మీద చర్చకు పోతుంది. కాబట్టి సోమవారం ఒక పూట, మంగళవారం నుంచి శుక్రవారం దాకా ఎనిమిది పూటలు, వెరసి మనిషికి తొమ్మిది. ఎనిమిది మందికి 72. మనకు కావలసింది 70. చూడ్డానికి సరిపోయినట్టే ఉంది కానీ ఒక్కరు ఒక్కరోజు రాకపోతే కథ అడ్డం తిరుగుతుంది. అందుకే శనివారం పొద్దునను ఖాళీగా ఉంచండి. ఆ పూట మిగిలిపోయిన వాటికి. ఆర్డర్లలో మాత్రం ఆరు రోజులనే రాయించండి. ఐదు రోజులని రాస్తే శనివారానికి వాళ్ల కాలేజీ నుంచి రిలీవింగ్ దొరకదు.

ఎనిమిది మంది కావాలంటే పది మందికి ఆర్డర్లు పంపండి. ఒకరికి వేరే డ్యూటీ పడుతుంది, ఇంకొకరి ప్రిన్సిపాల్ పంపనంటారు. పదిమందీ వచ్చేస్తే ఏమిటంటారా? అలా జరగడం నేనింకా చూడలేదు.

చీఫ్ ఎగ్జామినర్‌ను ఈ ఎనిమిది మందిలో లెక్కపెట్టకండి. ప్రతి బండిల్‌లో రెండు పేపర్లు ఆయన మళ్లీ చూడాలి. పదహారు బండిళ్లు తిరిగొచ్చే రోజున అవే 32 అవుతాయి, ఒక మనిషికి ఒక రోజు పని. ఆయన చేతికి కూడా ఒక బండిల్ ఇచ్చారంటే రీచెక్ సంతకాలకే పరిమితమవుతుంది.

బండిళ్లు కట్టే పద్ధతి

తగువులన్నీ పంపకం దగ్గర వస్తాయి కానీ వాటికి మూలం కట్టడంలోనే ఉంటుంది. పరీక్ష హాల్లోంచి వచ్చిన వరుసలోనే కోడ్ వేసి కట్టేస్తే ఒక బండిల్ నిండా ఒకే సెక్షన్ పిల్లలు ఉంటారు. బాగా చదివే సెక్షన్ అయితే ప్రతి పేపర్‌కూ అడిషనల్ షీట్లు వేలాడుతుంటాయి. ఇంకో సెక్షన్‌లో సగం పేపర్లు ఆరు పేజీలు దాటవు. పద్దెనిమిదికి పద్దెనిమిదే అయినా ఒకటి మూడు గంటలు పడుతుంది, ఒకటి గంటన్నరలో అయిపోతుంది.

కోడింగ్ అవగానే సెక్షన్లవారీగా దొంతరలు పెట్టి, పేకముక్కలు పంచినట్టు ఒక్కో దొంతర నుంచి ఒక్కోటి తీసుకుంటూ బండిళ్లు కట్టించండి. ఇద్దరు అటెండర్లు, ఒక జూనియర్ లెక్చరర్ ఉంటే మా 70 బండిళ్లకు ఒక మధ్యాహ్నం పట్టింది. మీడియం మాత్రం కలపొద్దు. తెలుగువి తెలుగువే, ఇంగ్లిష్‌వి ఇంగ్లిష్‌వే. సెక్షన్లను ఇలా కలిపినందుకు ఇంకో లాభం ఉంది, అది బుధవారం పనికొస్తుంది, అక్కడ చెప్తాను.

ప్రతి బండిల్ మీద ఒక స్లిప్: బండిల్ నంబర్, మీడియం, ఎన్ని పేపర్లు, తీసుకున్న టైమ్, సంతకం, ఇచ్చిన టైమ్, సంతకం. టైమ్ గడి చిన్నదే అయినా దాన్ని వదిలేయకండి.

తీసుకున్న వెంటనే ఎదుటే లెక్కపెట్టించండి. ఒకసారి నేను ఈ మాట పట్టించుకోలేదు. సాయంత్రం ఒక బండిల్‌లో పదిహేడే తేలాయి. తీసుకున్నాయన "నాకు పదిహేడే వచ్చాయి" అంటారు, స్ట్రాంగ్ రూమ్ అతను "పద్దెనిమిది కట్టాను" అంటాడు. అందరినీ ఆపి గంటసేపు వెతికాం. చివరికి పక్క బల్ల మీద ఒక పేపర్ అడిషనల్ షీట్ల మధ్యకు జారి కనిపించింది. ఆ గంటలో ఆ సార్ ముఖం చూడలేకపోయాను. పద్దెనిమిది లెక్కపెట్టడానికి అర నిమిషం చాలు.

ఎవరికి ఎన్ని, ఎవరికి ఏవి

ఎనిమిది మందిలో తెలుగు మీడియం పేపర్లు హాయిగా చదివి దిద్దగలిగినవాళ్లు మాకు ముగ్గురే. మిగతావాళ్లు తెలుగువాళ్లే అయినా వ్యాకోచత్వం, ఉపాంత ప్రయోజనం లాంటి మాటల దగ్గర ఆగిపోతారు. కాబట్టి 20 తెలుగు బండిళ్లూ ఆ ముగ్గురివే. ఏడు, ఏడు, ఆరు. వాటికి ఇంగ్లిష్‌వి రెండు, రెండు, మూడు కలిపితే ముగ్గురికీ తొమ్మిదేసి అయ్యాయి. మిగిలిన 43 ఇంగ్లిష్ బండిళ్లు ఐదుగురికి: ముగ్గురికి తొమ్మిదేసి, ఇద్దరికి ఎనిమిదేసి.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. తెలుగు వచ్చినవాళ్లను తెలుగు బండిళ్లకే ఉంచేయొచ్చు కదా, మళ్లీ ఇంగ్లిష్ ఎందుకు? ఆ ముగ్గురిలో ఒకరు చేయి బిగించి మార్కులు వేసే మనిషి అయితే ఆ బిగింపంతా తెలుగు మీడియం పిల్లల మీదే పడుతుంది, ఇంగ్లిష్ మీడియం వాళ్లకు తగలదు. ఆ మనిషి బిగింపు ఎంతో తెలియాలంటే అందరూ దిద్దే ఇంగ్లిష్ పేపర్లు ఆయనా కొన్ని దిద్దాలి. అందుకే ఈ ముగ్గురికీ ఇంగ్లిష్ బండిళ్లు మొదట్లోనే, సోమవారం మధ్యాహ్నం, మంగళవారం పొద్దున ఇవ్వండి. మూడు ఉన్నవారికి మంగళవారం మధ్యాహ్నం కూడా. తర్వాతే తెలుగువి.

ఎనిమిదేసి వచ్చే ఇద్దరు ఎవరన్నది ముందే ప్రకటించకండి. సోమవారం పొద్దున నమూనా పేపర్లు దిద్దేటప్పుడు ఎవరు నిదానంగా చూస్తారో తెలుస్తుంది. మా దగ్గర ఒక మేడమ్‌కు పేపర్‌కు పది నిమిషాలు పట్టేది. ఆవిడ మార్కులు మాత్రం చీఫ్ ఎగ్జామినర్ మార్కులకు అందరికంటే దగ్గరగా ఉండేవి. అలాంటి మనిషిని తొందరపెట్టడం కంటే ఒక బండిల్ తగ్గించడం నయం. ఇంకొక తక్కువ వాటా, ఒక మధ్యాహ్నం తన కాలేజీకి తప్పనిసరిగా వెళ్లాల్సిన సార్‌కు ఇచ్చాం. ఆయన ముందే చెప్పారు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

ఏ బండిల్ ఎవరికన్నది చీటీలతో తేల్చండి. రెండు డబ్బాలు, తెలుగుకు ఒకటి, ఇంగ్లిష్‌కు ఒకటి. పొద్దున 9:50కి ఒక చీటీ, మధ్యాహ్నం 1:40కి ఒక చీటీ. రెండు పూటలవీ కలిపి తీయనివ్వకండి. ఒక మనిషి దగ్గర ఒక సమయంలో ఒక్క బండిలే ఉండాలి. గోడకు ఒక చార్ట్ అంటించి, ఎవరు ఏ పూట ఏ నంబర్ తీసుకున్నారో స్కెచ్ పెన్‌తో రాయించండి. అందరి కళ్లముందూ ఉంటే అనుమానాలకు చోటుండదు.

సొంత విద్యార్థుల సంగతి. కోడింగ్ చేసినా చేతిరాత తెలిసిపోతుంది, మూడేళ్లు రికార్డులు దిద్దిన చేయి కదా. ఒక్కటే నియమం పెట్టండి: గుర్తుపట్టిన పేపర్‌ను మాట్లాడకుండా చీఫ్ ఎగ్జామినర్ బల్ల మీద పెట్టాలి, ఆయన దిద్ది ఇస్తారు. బండిల్ మార్చడం, పక్కవాళ్లతో పేపర్లు మార్చుకోవడం కుదరదు. "నాకు తెలిసిన పిల్ల రాసిన పేపర్" అని గదిలో పైకి అనడం కూడా కుదరదు.

సోమవారం పొద్దున: ఒకే పేపర్, ఎనిమిది మార్కులు

ముందు వారం తీసిన ఆ ఆరు పేపర్లనే ఎనిమిదేసి జిరాక్స్ కాపీలు తీయించి, కోడ్ నంబర్ కూడా కనపడకుండా చేసి, అందరికీ ఇవ్వండి. ఎవరికి వారు దిద్దాలి. అయ్యాక మార్కులు బోర్డు మీద రాయండి.

మా క్యాంప్‌లో ఒక పేపర్‌కు అందరికంటే తక్కువ 41, అందరికంటే ఎక్కువ 56 వచ్చాయి. పదిహేను మార్కుల తేడా. గదిలో కాసేపు నవ్వులు, తర్వాత వాదనలు. తేడా ఎక్కడుందా అని ప్రశ్నలవారీగా చూస్తే చాలావరకు రెండు వ్యాసాల దగ్గరే తేలింది. ఒకటి డిమాండ్ ధర వ్యాకోచత్వం, దాని రకాలు. ఆ అబ్బాయి ఐదు రకాలూ రాశాడు, రేఖాపటాలు గీశాడు కానీ ఏ అక్షం ధర, ఏది పరిమాణం అన్నది రాయలేదు. నిర్వచనం సొంత మాటల్లో కాస్త వంకరగా ఉంది. ఒక సార్ "అక్షాలకు పేర్లే లేకపోతే అది పటమెట్లయితది?" అని 5 వేశారు. ఒక మేడమ్ "పిల్లవాడికి విషయం తెలుసు సార్, గీత వాలు సరిగ్గానే ఉంది కదా" అని 9 వేశారు.

ఇద్దరూ తప్పు కాదు. 12 మార్కులు దేనికెన్ని అని కీలో లేదు, తప్పు అక్కడుంది. అప్పుడు కూర్చుని పంచాం: నిర్వచనానికి 2, ఐదు రకాలకు ఒక్కోటి చొప్పున 5, పటాలకు 3, ఉదాహరణకు 2. అక్షాలకు పేర్లు లేకపోతే ఆ మూడింట్లో ఒకటి పోతుంది, మొత్తం పోదు. సొంత మాటల్లో రాసిన నిర్వచనం, అర్థం సరిగ్గా ఉంటే పూర్తి మార్కులు. ఇలా పదో పన్నెండో నిర్ణయాలు వస్తాయి. అన్నిటినీ ఒక కాగితం మీద రాసి, జిరాక్స్ తీసి, ప్రతి బల్లకూ ఒకటి పెట్టండి. నోటిమాటగా వదిలేస్తే గురువారానికి ఎవరి కీ వారిదే అవుతుంది.

తర్వాత ఇంకో పేపర్ మీద మళ్లీ ప్రయత్నించాం. ఈసారి తేడా ఐదు మార్కులకు దిగింది. వ్యాసాల పేపర్‌లో అంతకంటే దగ్గరికి తేవడం కష్టం, నేనైతే అక్కడ ఆపేస్తాను.

పూట ఎలా గడవాలి

9:45కు సంతకాలు. 9:50కి చీటీ, లెక్కింపు. 10 నుంచి 11:15 దాకా దిద్దడం. పావుగంట టీ. 11:30 నుంచి 12:45 దాకా మళ్లీ దిద్దడం. ఆ తర్వాత పావుగంట మొత్తాలు సరిచూసి అవార్డ్ లిస్ట్ రాసి అప్పగించడం. ఒంటిగంటకు భోజనం. 1:45 నుంచి 3, పావుగంట టీ, 3:15 నుంచి 4:30. 4:45కి గేటు బయట. ఐదు దాటితే మెట్రోలో నిలబడే చోటు కూడా ఉండదు, ఉప్పల్, ఎల్‌బీ నగర్ వైపు వెళ్లేవాళ్లు నాలుగున్నర నుంచే గడియారం చూస్తుంటారు.

టీ విరామం అందరికీ ఒకేసారి ఉండాలి, గది బయట ఉండాలి. టీ బల్లల దగ్గరికి తెప్పిస్తే ఎవరూ లేవరు, కప్పు పక్కన పెట్టుకుని దిద్దుతూనే ఉంటారు. "టైమ్ కలిసొస్తుంది" అంటారు. కలిసొచ్చేది మరక. ఒకసారి ఒక పేపర్ మూడో పేజీ మీద ఇరానీ చాయ్ ఒలికి ఇంకు అంతా పాకిపోయింది. ఆ పేజీలో ఏముందో తేల్చడానికి పట్టిన సమయంలో నాలుగు విరామాలు తీసుకోవచ్చు. వరండాలో ఫ్లాస్కులు, ఉస్మానియా బిస్కెట్లు, నీళ్ల క్యాన్ పెట్టించండి. ఎండాకాలం అయితే మధ్యాహ్నం టీ బదులు మజ్జిగ అడిగేవాళ్లే ఎక్కువ. లేచే ముందు బండిల్‌కు తాడు చుట్టి బల్ల మీదే వదలాలి, గదిలో చీఫ్ ఎగ్జామినరో, స్ట్రాంగ్ రూమ్ మనిషో ఒకరు ఉండాలి.

శుక్రవారం జుమ్మా నమాజ్‌కు వెళ్లేవాళ్లుంటే భోజన విరామం 2:15 దాకా పొడిగించి ఆ రోజు 9:15కే మొదలుపెట్టండి. ఒక్కరి కోసం అందరినీ ఆపడమా అని ఎవరైనా అంటే, ఆ ఒక్కరు లేచి వెళ్లి వచ్చి హడావిడిగా బండిల్ పూర్తి చేయడం కంటే ఇదే మేలని చెప్పండి. రంజాన్ నెలలో క్యాంప్ పడితే తెలంగాణలో ముస్లిం ఉద్యోగులు నాలుగింటికే వెళ్లడానికి ప్రభుత్వం అనుమతి ఇస్తుంది. వాళ్లకు భోజన విరామం అక్కర్లేదు కాబట్టి మధ్యాహ్నం పూట ముందుకు జరిపితే బండిల్ అందులోనే అయిపోతుంది. ఆ మాట వాళ్లనే అడిగి తేల్చుకోండి.

గది కింది అంతస్తులో చూసుకోండి. ఏప్రిల్‌లో డాబా కింది గదిలో మూడింటికి కూర్చుని చూస్తే ఎందుకో అర్థమవుతుంది. కూలర్ పెడితే దాని ఎదురుగా పేపర్లు ఉండకూడదు, చెమ్మకు కాగితం మెత్తబడుతుంది. ఫ్యాన్ల కింద పేపర్ వెయిట్లు తప్పనిసరి.

మూడున్నర తర్వాత ఏం జరుగుతుందో గమనించడం

పొద్దున దిద్దిన పేపర్లకూ సాయంత్రం దిద్దిన పేపర్లకూ తేడా ఉంటుంది. అలసట వల్ల మార్కులు తగ్గుతాయని అనుకుంటాం. నేను చూసినంతవరకు అవి తగ్గడం కంటే ఒకచోట గుమిగూడడమే ఎక్కువ. బాగా రాసినవాడికీ, ఓ మోస్తరుగా రాసినవాడికీ ఇంచుమించు ఒకే మార్కులు పడతాయి. మధ్యలో వేస్తే ఎవరూ అడగరని చేతికి తెలుసు.

ఒక మంగళవారం మధ్యాహ్నం ఒక బండిల్ 3:35కే తిరిగొచ్చింది. స్లిప్ మీద టైమ్ చూస్తే, టీ తీసేయగా 95 నిమిషాలు. పేపర్‌కు ఐదు నిమిషాల చిల్లర. అవార్డ్ లిస్ట్‌లో పద్దెనిమిదీ 38కీ 46కీ మధ్యే ఉన్నాయి. అదే మనిషి పొద్దున బండిల్‌లో 19 నుంచి 66 దాకా ఉన్నాయి. కలిపి కట్టిన బండిళ్లు కాబట్టి అంత తేడా పిల్లల వల్ల రాదు. చీఫ్ ఎగ్జామినర్ రెండు కాక ఆరు పేపర్లు తీశారు. ఒకటి 58కి వెళ్లింది, ఒకటి 27కి దిగింది. ఆ బండిల్ దిద్దినాయనతో వేరుగా మాట్లాడాం. రాత్రి నిద్ర లేదట, ఇంట్లో పేషెంట్ ఉన్నారు. ఆ బండిల్ మర్నాడు పొద్దున ఆయనే మళ్లీ చూశారు. గదిలో ఎవరికీ తెలియలేదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

అందుకే చీఫ్ ఎగ్జామినర్ తీసే రెండు పేపర్లూ ఇష్టం వచ్చినట్టు తీయకూడదు. ఒకటి మొదటి ఆరింట్లోంచి, ఒకటి చివరి ఆరింట్లోంచి. పేపర్లు కట్టిన వరుసలోనే దిద్దాలని ముందే చెప్తే ఇది కుదురుతుంది. అలాగే 29, 30, 31 మార్కులు వచ్చినవి ఎన్ని ఉంటే అన్నీ ఆయన చూడాలి. పాస్ గీతకు ఇంత దగ్గరగా ఆగినవాడికి ఒక వ్యాసంలో రెండు మార్కుల తేడా అంటే మళ్లీ ఫీజు కట్టి పరీక్ష రాయడమే.

బుధవారం సాయంత్రం

ఇప్పుడు ఆ కలిపి కట్టడం పనికొస్తుంది. ఇంగ్లిష్ బండిళ్ల సగటు మార్కులు ఒక కాగితం మీద వేయండి, మనిషివారీగా. ఎక్కువమందివి 43 నుంచి 46 మధ్య వచ్చాయి. తెలుగు దిద్దే ముగ్గురిలో ఒకాయనవి రెండు బండిళ్లూ 39 దగ్గర ఉన్నాయి. పద్దెనిమిది పేపర్ల సగటు ఊరికే కూడా రెండు మూడు మార్కులు అటూ ఇటూ అవుతుంది, ఒక్క బండిల్ చూసి ఎవరినీ ఏమీ అనకూడదు. రెండూ ఒకే వైపు ఐదేసి మార్కులు తగ్గితే మాత్రం చూడాలి. ఆయన తెలుగు బండిళ్లలోంచి చీఫ్ ఎగ్జామినర్ ఆరేసి పేపర్లు తీశారు. ఉదాహరణ రాయని ప్రతిచోటా ఈయన రెండు కాక నాలుగు తీసేస్తున్నారని తేలింది. కీ కాగితం చూపిస్తే ఒప్పుకున్నారు. అప్పటికి దిద్దిన ఆ బండిళ్లన్నీ మళ్లీ చూశారు.

ఇది బుధవారమే చేయండి. శుక్రవారం చేస్తే తప్పు దొరుకుతుంది కానీ దిద్దుకునే సమయం దొరకదు.

రాని మనిషి, మిగిలిన బండిల్

గురువారం పొద్దున ఎనిమిదింటికి ఫోన్. "బాబుకు జ్వరం మేడమ్, ఈరోజు రాలేను." రెండు బండిళ్లు మిగిలాయి. వాటిని అదే రోజు మిగతా ఏడుగురికి చిల్లరగా పంచాలని మనసు తొందరపడుతుంది. వద్దు. అవి స్ట్రాంగ్ రూమ్‌లోనే ఉండనివ్వండి, శనివారం పొద్దున ఉన్నదే దానికి. శనివారం ఆ సార్ ఒకటి దిద్దారు, రెండోది ముందే పూర్తి చేసుకున్న మరొకరు తీసుకున్నారు.

నిదానంగా దిద్దే మేడమ్‌కు శుక్రవారం సాయంత్రానికి ఎనిమిదో బండిల్‌లో సగమే అయింది. పూర్తికాని బండిల్ ఎవరిదైనా రాత్రికి స్ట్రాంగ్ రూమ్‌కు వెళ్లాల్సిందే. దిద్దినవి ఎన్ని, దిద్దనివి ఎన్ని స్లిప్ మీద రాసి, రెండు వేరు తాళ్లతో కట్టి, సీల్ వేసి. "ఇంటికి పట్టుకెళ్లి పూర్తి చేస్తాను" అనే మాట మంచి మనసుతోనే అంటారు, ఎంత మంచివాళ్లయినా ఒప్పుకోకండి.

కూడిక, ఎక్కింపు

దీని గురించి ఎక్కువ చెప్పను, పద్ధతి అందరికీ తెలిసిందే. దిద్దని మనిషి చేత ప్రతి పేపర్ తిప్పించాలి. మార్కు వేయని పేజీ ఉందా, లోపల వేసింది మొదటి పేజీకి వచ్చిందా, కూడిక సరిపోయిందా అన్న మూడే చూడాలి. అవార్డ్ లిస్ట్‌లో మార్కులు అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయించండి. అక్షరాల గడి దండగ అనేవాళ్లకు 2019 తెలంగాణ ఇంటర్ ఫలితాలు గుర్తుచేయండి. 99 రావలసిన చోట 00 పడింది. దిద్దడం సరిగ్గానే జరిగింది, ఎక్కించడంలో పోయింది.

ఈ పని చేసేవాళ్లను శనివారం మధ్యాహ్నం ఒకేసారి కూర్చోబెట్టకండి. మంగళవారం నుంచే ఏ పూట బండిళ్లు ఆ పూటే చూడాలి. శనివారానికి ఆ పూట వచ్చిన రెండున్నర బండిళ్లే ఉండాలి.

కోడ్ విప్పడం మీ పని కాదు, ఎగ్జామ్ బ్రాంచ్‌ది. అవార్డ్ లిస్టులు, బండిళ్లు లెక్కతో అప్పగించి రసీదు తీసుకోండి. గోడ మీది చార్ట్, కీ కాగితం, బండిల్ స్లిప్పులు మాత్రం అటెండర్ చింపి పారేయకముందే ఒక ఫైల్‌లో పెట్టుకోండి. రీవాల్యుయేషన్ దరఖాస్తులు వచ్చినప్పుడు మొదట అడిగేది ఆ పేపర్ ఎవరు, ఏ పూట, ఎంతసేపట్లో దిద్దారనే. అది ఆ స్లిప్పుల్లోనే ఉంటుంది.